షోరూం మైలేజీ, బంకు మైలేజీ

కంపెనీ చెప్పే మైలేజీ అబద్ధమేమీ కాదు, కాకపోతే అది మన రోడ్డు మీద కొలిచింది కాదు. పుణేలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థల్లో కారును రోలర్ల మీద ఎక్కించి, సుమారు 20 నిమిషాలు ముందే రాసిపెట్టుకున్న తీరులో నడుపుతారు. ఇన్నాళ్లుగా వాడుతున్న ఆ పరీక్షలో వేగం 90 దాటదు, ఏసీ వేయరు. అడ్డంగా దూరే ఆటోలు ఎలాగూ ఉండవు.

ఏసీ సంగతే చూడండి. అది ఇంధనం తాగేది గంటల లెక్కన, కిలోమీటర్ల లెక్కన కాదు. గంటకు అర లీటరు అదనంగా తాగుతుందనుకుందాం. ఏసీ లేకుండా లీటరుకు 16 ఇచ్చే కారు అమీర్‌పేట ట్రాఫిక్‌లో గంటకు 20 కిలోమీటర్లే కదిలితే, లీటరుంపావు బదులు లీటరు ముప్పావు అవుతుంది. మైలేజీ 11 చిల్లరకు దిగిపోతుంది. అదే ఏసీతో హైవే మీద గంటకు 80 వెళ్తే, లీటరుకు 20 ఇచ్చేది 18 దాకా ఇస్తుంది. కాబట్టి హైవేలో ఏసీ ఆపి ఉక్కపోత భరించడం పెద్ద పొదుపేం కాదు. పైగా అద్దాలు దించితే గాలి అడ్డు పెరుగుతుంది.

హైవేలో అసలు ఖర్చు ఆ గాలితోనే. వేగం 80 నుంచి 100కు పెంచితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. టైర్ల రాపిడి అంతగా మారదు కాబట్టి ఇంధనం ఆ లెక్కన పెరగదు గానీ, 20 ఇచ్చే కారు 16, 17కు పడిపోవడం మామూలే. హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. ఒకే వేగంతో వెళ్లగలిగితే మిగిలేది 40 నిమిషాలు, అందుకు అయ్యేది మూడు లీటర్లు. బేరం గిట్టుబాటో కాదో మీ ఇష్టం.

బరువు దెబ్బ తగిలేది సిటీలో, ఘాట్ రోడ్డులో. నలుగురితో కారును ప్రతి సిగ్నల్ దగ్గరా కదిలించడానికి పెట్టిన శక్తి, మళ్లీ బ్రేకు వేయగానే వేడిగా పోతుంది. చదును రోడ్డులో నిలకడగా వెళ్తుంటే బరువు అంతగా తెలియదు. అక్కడ టాప్ మీద కట్టిన సామానే ఎక్కువ నష్టం, బరువుతో కాదు, గాలికి అడ్డు నిలిచి.

మీ కారు అసలు మైలేజీ తెలియాలంటే బంకులో గన్ దానంతటదే ఆగేదాకా పోయించి, ట్రిప్ మీటరు సున్నా చేయండి. ‘రౌండ్ ఫిగర్’ కోసం ఇంకాస్త పోయించొద్దు. ట్యాంకు అడుగంటుతున్నప్పుడు వీలైతే అదే పంపులో, అలాగే ఆగేదాకా నింపండి. 412 కిలోమీటర్లు తిరిగాక 26.2 లీటర్లు పట్టిందంటే మైలేజీ 15.7. గన్ ఆగడంలో లీటరు అటూఇటూ అయినా 26 లీటర్ల మీద తేడా నాలుగు శాతమే. ఐదు లీటర్లకే లెక్క కడితే అదే లీటరు ఇరవై శాతం.