భుజంలో చిరుగుంటే కుట్టాల్సిందేనా?

నలభై దాటిన మనిషి భుజం నొప్పని ఎమ్మారై తీయించుకుంటే, రిపోర్టు చివర ‘స్లాప్ టేర్’ అనే మాట కనబడటం మామూలే. భుజం గిన్నె పైఅంచున ఉండే మెత్తటి కట్టు చిరిగిందని దానర్థం. చదవగానే గుండె జారుతుంది. చిరిగింది కదా, కుట్టించుకోవాలనిపిస్తుంది. అమెరికాలో ఏ నొప్పీ లేని 45 నుంచి 60 ఏళ్లవాళ్లకు ఎమ్మారై తీసి ఇద్దరు రేడియాలజిస్టులకు విడివిడిగా చూపించారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల్లో ఒకరు సగానికి పైగా భుజాల్లో ఈ చిరుగు ఉందన్నారు, రెండోవారు దాదాపు ముప్పావు వంతు భుజాల్లో ఉందన్నారు. నొప్పి లేనివాళ్లలోనే ఇన్ని కనబడినప్పుడు, నొప్పి ఉన్నవాడి భుజంలో చిరుగు దొరికింది కాబట్టి నొప్పికి అదే కారణమని తేల్చెయ్యడం తొందరపాటు.

ఫాల్స్ సీలింగ్ పనిచేసే 48 ఏళ్ల మేస్త్రిని ఊహించుకుందాం. ఇతను ఏ ఒక్క మనిషో కాదు, ఇలాంటి పేషెంట్లలో కనబడే లక్షణాలన్నీ ఒకచోట చేర్చుకున్నది. ఆరు నెలలుగా కుడి భుజం ముందు భాగంలో నొప్పి. చెయ్యి పైకెత్తి స్క్రూలు బిగిస్తుంటే పోటు, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకుంటే మెలకువ. ఎక్కడ నొప్పి అంటే అరచెయ్యి మొత్తం వెయ్యడు, రెండు వేళ్లతో భుజం ముందు ఒక గీత చూపిస్తాడు. ఎమ్మారైలో స్లాప్ టేర్ ఉంది. ‘కుట్టేస్తే పోదా సార్?’ అని అడుగుతాడు.

అతను చూపించిన గీత కిందే బైసెప్స్ కండరం తాలూకు పొడుగు టెండన్ నడుస్తుంది. జబ్బ ముందున్న ఈ కండరానికి పైన రెండు మూలాలు. పొట్టిది భుజం ముందు ఎముక కొమ్ముకు అంటుకుంటుంది, సాధారణంగా దానితో ఏ గొడవా ఉండదు. పొడుగుది జబ్బ ఎముక ముందున్న సన్నటి గాడిలోంచి పైకి వెళ్లి, కీలు లోపలికి దూరి, ఎముక గుండ్రటి తల మీదుగా సాగి గిన్నె పైఅంచుకు కలుస్తుంది. గిన్నె అంచు చుట్టూ ప్రెషర్ కుక్కర్ గాస్కెట్‌లా ఒక మెత్తటి కట్టు ఉంటుంది. దాని పేరు లేబ్రం. పొడుగు టెండన్ వేళ్లు కొన్ని ఎముకలో, కొన్ని ఈ లేబ్రంలో ఉంటాయి. అందుకే పైఅంచు లేబ్రం జబ్బునూ ఈ టెండన్ జబ్బునూ విడదీసి మాట్లాడటం కుదరదు.

ఈ చిరుగును 1985లో ఆండ్రూస్ బృందం బేస్‌బాల్ లాంటి విసురు ఆటలవాళ్లలో గుర్తించింది. స్నైడర్ బృందం 1990లో దీనికి స్లాప్ అని పేరు పెట్టి నాలుగు రకాలుగా విడదీసింది. మొదటి రకంలో అంచు పీచులుగా రేగుతుంది, పట్టు మాత్రం గట్టిగానే ఉంటుంది. వయసుతో వచ్చే ఈ అరుగుదలకు చాలామందికి ఏ ఆపరేషనూ అక్కర్లేదు. రెండో రకంలో టెండన్ వేళ్లు పట్టుకున్న చోటే లేబ్రం ఎముక నుంచి ఊడుతుంది. మూడో రకంలో లేబ్రం ముక్క వేలాడుతూ కీల్లో ఇరుక్కుంటుంది. నాలుగో రకంలో ఆ చిరుగు టెండన్‌లోకీ పాకుతుంది. వాదనంతా రెండో రకం చుట్టూనే ఉంది, మన మేస్త్రికి ఉందని రాసిందీ అదే. చెయ్యి పైకెత్తి వెనక్కి తిప్పినప్పుడల్లా టెండన్ మెలితిరిగి తన మొదలును వెనక్కి ఒలుస్తుంది. ఏళ్ల తరబడి చెయ్యి పైకెత్తే పనిలో ఈ పట్టు సడలడానికి ఇదొక కారణం.

ఇక పరీక్షలు. డాక్టర్ ముందు ఆ గాడి మీద వేలితో నొక్కి చూస్తారు. రెండు చేతులకూ నొక్కాలి, ఎందుకంటే అక్కడ గట్టిగా నొక్కితే బాగున్న భుజమూ కాస్త నొస్తుంది. తర్వాత స్పీడ్ టెస్టు. మోచెయ్యి చాపి, అరచెయ్యి పైకి పెట్టి, చేతిని ముందుకు ఎత్తి ఉంచమంటారు. డాక్టర్ కిందికి నొక్కుతుంటే పేషెంటు ఆపాలి. గాడిలో నొప్పి వస్తే టెండన్ మీద అనుమానం. యెర్గాసన్ టెస్టు 1931 నాటిది. మోచెయ్యి పక్కన ఆనించి మడిచి, డాక్టర్ పట్టుకుని ఉండగా అరచేతిని పైకి తిప్పమంటారు. స్క్రూడ్రైవర్ బిగించే కదలికే ఇది, బైసెప్స్‌కున్న ముఖ్యమైన పనుల్లో ఒకటి.

లేబ్రం కోసం ఎక్కువగా వాడేది ఓబ్రయన్ టెస్టు. చేతిని భుజం ఎత్తుకు ముందుకు చాపి, కాస్త గుండెల వైపు తెచ్చి, బొటనవేలు నేల చూసేలా తిప్పి ఉంచాలి. డాక్టర్ కిందికి నొక్కుతారు. తర్వాత అరచెయ్యి పైకి తిప్పి మళ్లీ అదే. మొదటిసారి కీలు లోతున నొప్పి వచ్చి రెండోసారి తగ్గితే లేబ్రం చిరుగు అనుకుంటారు. నొప్పి లోతున కాకుండా భుజం పైన, గూడ ఎముక కొస దగ్గర వస్తే అది వేరే కీలుది. అందుకే నొప్పి వచ్చిందా అని మాత్రమే కాదు, ఎక్కడ వచ్చిందని కూడా అడగాలి. హడావుడి ఓపీలో ఎగిరిపోయే ప్రశ్న ఇదే. 1998లో ఈ టెస్టును పరిచయం చేసినప్పుడు దాదాపు తప్పే లేదన్నట్టు అంకెలు చూపించారు. తర్వాత వేరే చోట్ల చేసినవాళ్లకు ఆ ఫలితాలు రాలేదు. రొటేటర్ కఫ్ దెబ్బతిన్నవాళ్లకూ ఇది పాజిటివ్ వస్తుంది. ఈ పరీక్షలన్నిటి బలహీనత ఒక్కటే: నొప్పి ఉందని పట్టుకుంటాయి కానీ దేనివల్లో గట్టిగా చెప్పలేవు. ఏ ఒక్క టెస్టునో నమ్మి ఆపరేషన్ బల్ల ఎక్కించకూడదు.

మన మేస్త్రికి గాడి మీద నొక్కితే కుడివైపు మాత్రమే జివ్వుమంది, స్పీడ్ టెస్టులోనూ అక్కడే వచ్చింది. ఓబ్రయన్ టెస్టు అటూ ఇటూ కాకుండా ఉంది. ఇలాంటప్పుడు నాకు అన్నిటికన్నా ఎక్కువ నమ్మకం కలిగించేది ఇంజెక్షన్. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గాడిలో టెండన్ చుట్టూ ఉన్న తొడుగులోకి మత్తుమందు ఎక్కిస్తారు, తరచూ కొంచెం స్టెరాయిడ్ కలిపి. టెండన్ లోపలికి మాత్రం గుచ్చకూడదు, అది బలహీనపడుతుంది. పది నిమిషాల తర్వాత అదే స్పీడ్ టెస్టు మళ్లీ చేస్తే నొప్పి చాలావరకు పోయిందంటే దొంగ దొరికినట్టే. పూర్తిగా కాదనుకోండి. ఆ తొడుగు పైన కీలులోకి తెరుచుకుంటుంది కాబట్టి మందు అటు కూడా పాకి లోపలి నొప్పినీ తగ్గించవచ్చు.

నొప్పి ఎక్కణ్ణుంచో తేలినా వెంటనే ఆపరేషన్ ఉండదు. మూడు నెలలు చెయ్యి పైకెత్తే పని తగ్గించి, భుజం వెనకభాగం బిగువు సడలించే వ్యాయామాలు, రెక్క ఎముక చుట్టూ కండరాలను బలపరిచేవి ఫిజియోథెరపిస్టు దగ్గర చెయ్యాలి. చాలామందికి ఇక్కడే గడుస్తుంది. గడవకపోతేనే తర్వాతి మాట.

ఇక్కడ కొంత చరిత్ర చెప్పాలి. 1990ల తర్వాత కీహోల్ సర్జరీ చేతికొచ్చాక ఊడిన లేబ్రాన్ని చిన్న మేకులతో గిన్నెకు కుట్టడం జోరుగా సాగింది. కొందరికి బాగయింది. కొందరికి భుజం బిగుసుకుపోయింది, నొప్పి అలాగే ఉండిపోయింది. 2009లో ఫ్రాన్స్‌లో బాలో అనే సర్జన్ బృందం 25 మందిని పోల్చింది. కుట్టినవాళ్లు పదిమంది, వాళ్లలో తృప్తి పడ్డవాళ్లు నలుగురే. మిగతా పదిహేను మందికి లేబ్రాన్ని ముట్టుకోకుండా టెండన్‌ను దాని మొదట్లో కోసి, కిందికి జరిపి జబ్బ ఎముకకు బిగించారు. వాళ్లలో పద్నాలుగు మంది తృప్తి పడ్డారు. ఇలా బిగించడమే టెనోడెసిస్. అది చిన్న అధ్యయనం, ఎవరికి ఏది చెయ్యాలో చీటీలు తీసి నిర్ణయించలేదు, రెండో గుంపు వయసులో పెద్దది. అయినా సర్జన్ల ఆలోచన మారడం మొదలైంది. లాగుతున్న తాడును తప్పిస్తే చిరిగిన అంచు తన మానాన తాను పడి ఉంటుంది, కుట్టే అవసరం పోతుందన్నది వాదన.

ఆ వాదనకూ 2017లో పరీక్ష వచ్చింది. నార్వేలో లేబ్రం రెండో రకంగా ఊడి, మిగతా భుజం బాగున్న 118 మందిని చీటీల పద్ధతిలో మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు కుట్టారు, ఒక గుంపుకు టెనోడెసిస్ చేశారు, మూడో గుంపుకు కీలులోకి కెమెరా పెట్టి చూసి ఏమీ చెయ్యకుండా గాయం మూసేశారు. రెండేళ్ల తర్వాత మూడు గుంపుల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. సర్జన్లకు ఇది మింగుడుపడని ఫలితం, పేషెంట్లకు మాత్రం తెలియాల్సినది. ఎమ్మారైలో లేబ్రం ఊడిందన్న ఒక్క కారణంతో ఎవరికైనా, ఏ ఆపరేషనైనా చెయ్యడానికి ఆధారం బలహీనం.

అయితే టెనోడెసిస్ ఎప్పుడు? లేబ్రం కంటే టెండన్ పరిస్థితే ఇక్కడ తీర్పు చెబుతుంది. కెమెరా పెట్టి చూస్తే టెండన్ సగం దాకా పీలికలై ఉండటం, వాచి ఎర్రబడి ఉండటం, గాడిలోంచి జారి లోపలివైపు పడిపోవడం, చిరుగు టెండన్‌లోకి పాకడం, లేదా ముందు కుట్టిన లేబ్రం మళ్లీ నొప్పి పెట్టడం. జారిన టెండన్ కనబడితే సర్జన్ తప్పక వెతకాల్సింది భుజం ముందున్న సబ్‌స్కాపులారిస్ కండరాన్ని. దాని చిరుగువల్లే టెండన్ పట్టు తప్పుతుంది, దాన్ని వదిలేసి టెండన్ ఒక్కటే బిగిస్తే పని సగమే అయినట్టు. పాతికేళ్ల బౌలరుకు రెండో రకం చిరుగైతే కుట్టడాన్ని ఇంకా ఆలోచిస్తారు. నలభై దాటినవాడికి, ముఖ్యంగా గాడిలో నొప్పి ఉన్నవాడికి, కుట్టడం కంటే టెనోడెసిసే మేలని నా అభిప్రాయం. డెబ్బై దాటి బరువులెత్తే పని లేనివాళ్లకు టెండన్ కోసి వదిలేసినా సరిపోతుంది. ఖర్చూ కోలుకునే కాలమూ తక్కువ. కండరం కిందికి జారి జబ్బలో గుండ్రటి ఉబ్బు రావచ్చు, కొందరికి కొన్నాళ్లు తిమ్మిరి పట్టినట్టు లాగుతుంది, అరచెయ్యి తిప్పే బలం కొంత తగ్గుతుంది.

స్క్రూలు తిప్పి బతికే మేస్త్రికి ఆ బలం కావాలి. కెమెరాలో అతని టెండన్ గాడి దగ్గర సగానికి పైగా చీలి ఉంది, సబ్‌స్కాపులారిస్ బాగుంది. పైన మొదట్లో కోసి, చంక దగ్గర చిన్న గాటు పెట్టి టెండన్‌ను బయటికి లాగి, పాడైన భాగం కత్తిరించి, ఛాతీ కండరం కింద జబ్బ ఎముకకు బిగించారు. గాడిలో నొప్పి పుట్టించే ముక్క అక్కడ మిగలదు. బిగువు సరిగ్గా కుదరాలి. వదులైతే జబ్బ ఉబ్బుతుంది, మరీ బిగిస్తే నొస్తుంది. ఎముకలో రంధ్రం పెద్దదైతే అక్కడ విరిగే ప్రమాదం అరుదుగా ఉంది, దగ్గర్లోని నరానికి దెబ్బ తగలడమూ అంతే.

తర్వాతి కాలమే అసలు కష్టం. దాదాపు నాలుగు వారాలు చెయ్యి స్లింగ్‌లో. ఆరు వారాలు మోచెయ్యి మడిచి బరువెత్తకూడదు, స్క్రూడ్రైవర్ తిప్పకూడదు, బిగించిన తాడు ఎముకతో కలవడానికి అంత సమయం పడుతుంది. బలం పెంచే వ్యాయామాలు ఆ తర్వాతే. చెయ్యి పైకెత్తి చేసే బరువు పనికి నాలుగు నుంచి ఆరు నెలలు. అంతకాలం కూలి పోతుందని అతనికి ముందే చెప్పాలి, చాలాచోట్ల చెప్పరు.

మీ రిపోర్టులో స్లాప్ టేర్ అని ఉంటే డాక్టర్ని ఇలా అడగండి: నా నొప్పి ఆ చిరుగు నుంచే వస్తోందని ఎలా తేల్చారు, టెండన్ పరిస్థితేమిటి, తొడుగులో ఇంజెక్షన్ వేసి చూశారా, మూడు నెలల వ్యాయామం అయిందా. ఒక్కటి మాత్రం ఆలస్యం చెయ్యకండి. భుజంలో టక్కుమని చప్పుడై జబ్బలో ఉబ్బు వచ్చి, చెయ్యి ఎత్తడం కూడా బలహీనమైతే, తెగింది ఒక్క బైసెప్స్ టెండనే కాకపోవచ్చు. రొటేటర్ కఫ్ చిరిగి ఉంటే కుట్టించుకోవడానికి తొలి వారాలే మంచి సమయం, ఆ వారంలోనే చూపించుకోండి.