తెగిన బెల్టు మీద ఒక రిపోర్టు

"ఉదయం క్రేన్ లోడు పడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. పనివాళ్లకు జాగ్రత్తలు చెప్పాం." సైటు సేఫ్టీ రిజిస్టర్లో ఇలాంటి ఎంట్రీ కనిపిస్తే ఆడిట్‌కి వచ్చినవాళ్లకు అందులోంచి ఏమీ దొరకదు. ఏ లోడు, ఎంత ఎత్తు నుంచి పడింది, తెగిందేమిటి, కింద ఎవరు పనిచేస్తుంటారు అన్నవేవీ లేవు. రాసినవాళ్లు ఆ సంగతిని త్వరగా వదిలించుకోవాలనుకున్నారని మాత్రం తెలుస్తుంది.

మరి ఎలా రాయాలి? ఒక ఉదాహరణ ఊహించుకుందాం. అపార్ట్‌మెంట్ సైటులో ఆరో అంతస్తు స్లాబు పని జరుగుతోంది. టవర్ క్రేన్ 16 మిల్లీమీటర్ల ఇనుప చువ్వల కట్టను పైకి ఎత్తుతోంది. ఒక్కో చువ్వ 12 మీటర్లు, కట్టలో 50 చువ్వలు. మీటరుకు 1.58 కిలోల లెక్కన కట్ట బరువు దాదాపు 950 కిలోలు. రిగ్గర్ దాన్ని రెండు ఆకుపచ్చ బెల్టులతో ఉచ్చు వేసి బిగించాడు. 18 మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి ఒక బెల్టు తెగింది. కట్ట ఒక పక్కకి వాలిపోయి, రెండో ఉచ్చులోంచి చువ్వలన్నీ జారిపోయాయి. అంత ఎత్తు నుంచి నేలకు చేరడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. తాకేటప్పటి వేగం గంటకు 65 కిలోమీటర్ల పైమాటే. "తప్పుకోండి" అని అరిచే వ్యవధి ఉండదు. కింద చువ్వలు వంచే పనివాళ్లు అప్పుడే టీకి వెళ్లారు.

ఇక్కడ మొదటి తప్పు సాధారణంగా స్టోర్స్‌లో జరుగుతుంది. తెగిన బెల్టు తుక్కులోకి వెళ్తుంది, కొత్త బెల్టు బయటికొస్తుంది, అరగంటలో పని మళ్లీ మొదలవుతుంది. ఆ బెల్టే అసలైన సాక్ష్యం. రెండు ముక్కలనూ, దాని మీది ట్యాగునూ సంచిలో పెట్టి తాళం వేయాలి. చువ్వలు ఎక్కడెక్కడ పడ్డాయో కదిలించకముందే ఫొటోలు తీయాలి. క్రేన్ క్యాబిన్లోని కంప్యూటర్ లోడునూ, హుక్కు ఎంత దూరంలో ఉందో దాన్నీ చూపిస్తుంది. కొన్ని మోడళ్లు వాటిని దాచిపెడతాయి కూడా. కానీ పాత రికార్డు మీద కొత్తది పడిపోవచ్చు కాబట్టి ఆ రోజే తీసుకోవాలి. ఆపరేటర్, రిగ్గర్, సిగ్నల్‌మ్యాన్ ముగ్గురితోనూ విడివిడిగా మాట్లాడాలి. కలిపి కూర్చోబెడితే మేస్త్రీ ఏం చెబితే అదే ముగ్గురి మాటా అవుతుంది.

తర్వాత లెక్క చూడాలి. బెల్టు రంగుకి అర్థం ఉంది: ఆకుపచ్చ అంటే నిటారుగా ఎత్తినప్పుడు 2 టన్నులు. ఉచ్చు వేస్తే ఆ శక్తి 80 శాతానికి, అంటే 1.6 టన్నులకు పడిపోతుంది. అయినా 950 కిలోలు ఒక్క బెల్టుకే భారం కాదు, ఇక్కడ రెండున్నాయి. పైగా కొత్త పాలిస్టర్ బెల్టు తెగాలంటే దాని మీద రాసిన బరువుకి ఏడు రెట్లు కావాలి. కాబట్టి రిపోర్టులో 'ఓవర్‌లోడ్' అని రాసేస్తే అది అబద్ధమవుతుంది. మామూలుగా చేతికి ముందు అందే మాట మాత్రం అదే.

ముక్కలను దగ్గరగా చూస్తే కారణం కనిపిస్తుంది. బలానికి సాగి తెగితే పోగులు చీపురులా విచ్చుకుంటాయి. ఇక్కడ అంచు కత్తితో కోసినట్టు నేరుగా ఉంది. అదీ చువ్వలను ఆనుకునే లోపలి వైపున, ఉచ్చు బిగుసుకున్న చోట. చువ్వ మీది గట్లు బెల్టును కోశాయి. మధ్యలో రక్షణ ప్యాడ్ పెట్టలేదు. అసలు ఇలాంటి కట్టకు గొలుసో, వైరు రోప్ స్లింగో మేలు. అప్పుడు రిపోర్టు రాసేవాళ్ల ముందు ప్రశ్నలు మారతాయి. సైటులో గొలుసు స్లింగులు ఉన్నాయా, ఉంటే ఆ రోజు ఎక్కడున్నాయి? బెల్టు ట్యాగు చదవడానికి వీలుగా ఉందా? ఆఖరిసారి ఎవరు తనిఖీ చేశారు? 'కార్మికుడి నిర్లక్ష్యం' అని రాస్తే ఈ ప్రశ్నలన్నీ అక్కడే ఆగిపోతాయి. సబ్ కాంట్రాక్టర్ దగ్గర రోజుకూలికి పనిచేసే రిగ్గర్ మాత్రం మర్నాడు గేటు బయట ఉంటాడు. తర్వాతిసారి లోడు జారినప్పుడు ఎవరూ నోరు విప్పరు.

ఇక చట్టం సంగతి. భవన నిర్మాణ కార్మికుల కేంద్ర నియమాలు 1998లో వచ్చాయి. క్రేన్, హాయిస్టు లాంటివి కూలినా, విఫలమైనా, తాడో గొలుసో స్లింగుల వంటి విడి సామగ్రో తెగినా, ఎవరికీ గాయం కాకపోయినా సరే, ఇన్‌స్పెక్టర్‌కి తెలియజేయాలన్నది వాటిలోని మాట. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ప్రమాదకర సంఘటన గురించి నోటీసు ఇవ్వడానికి గాయంతో పనిలేదు. అన్ని దేశాల్లో గీత ఒకేచోట లేదు. బ్రిటన్‌లో 2013 నాటి నిబంధనలు ఎత్తే యంత్రం భారం మోసే భాగాలను లెక్కలోకి తీసుకుని, స్లింగుల వంటి అనుబంధ సామగ్రిని మినహాయించాయి.

మన ఉదాహరణలో బెల్టు తెగింది కాబట్టి సందేహం లేదు. బెల్టు బాగానే ఉండి, కట్టు సరిగా లేక చువ్వలు జారిపోయి ఉంటే? అప్పుడు ఏదీ తెగలేదు, ఏదీ విఫలం కాలేదు, నోటీసు అక్కర్లేదని వాదించేవాళ్లు ఉంటారు. అక్షరాలు పట్టుకుంటే ఆ వాదనకి చోటుంది. కానీ కింద ఉండే మనిషికి ఆ రెండింటికీ తేడా లేదు. అందుకే నోటీసు పంపినా పంపకపోయినా సైటు రిజిస్టర్లో మాత్రం రెండూ ఒకే వివరంతో ఉండాలి.

ఆ రిజిస్టర్ని ఆడిటర్ ఒంటరిగా చదవడు. నియర్ మిస్‌ల పేజీ ఖాళీగా ఉంటే ముందు స్టోర్స్ పుస్తకం అడుగుతాడు. ఏడాదిలో ఎన్ని బెల్టులు ఇచ్చారు, పాతవి తిరిగొచ్చాయా, ఎందుకు తీసేశారు? క్రేన్ లాగ్‌బుక్కులో పని ఆగిన గంటలు చూస్తాడు. మూడూ పొంతన కుదరకపోతే 'ప్రమాదాలు లేవు' అన్న మాటని 'రాయలేదు' అని చదువుకుంటాడు.

మంచి ఎంట్రీ పెద్దదిగా ఉండక్కర్లేదు. మన సంఘటనకు ఇంత చాలు: "ఉదయం 10:40. 16 మి.మీ. చువ్వల కట్ట, సుమారు 950 కిలోలు, 18 మీ. ఎత్తు నుంచి పడింది. రెండు బెల్టుల్లో ఒకటి ఉచ్చు దగ్గర లోపలి వైపు కోసినట్టు తెగింది, ముక్కలు భద్రపరిచాం. ప్యాడ్లు వాడలేదు. కింద బ్యారికేడ్ లేదు. మామూలుగా అక్కడ ఆరుగురు పనిచేస్తారు, ఆ సమయంలో టీకి వెళ్లారు." ఆ చివరి రెండు వాక్యాలే అన్నిటికన్నా తక్కువగా రాసేవి. ఎవరికీ దెబ్బ తగలకపోవడానికి బ్యారికేడ్ కాదు, టీ కారణమని అవే చెబుతాయి.

తీసుకున్న చర్య గడిలో 'అవగాహన కల్పించాం' అని ఉంటే ఆడిటర్ ఆ వరుసను తెరిచే ఉంచుతాడు. 'చువ్వల కట్టలకు ఇకమీదట గొలుసు స్లింగులే' అని ఉంటే స్టీలు యార్డుకి వెళ్లి, ఆ పూట కట్ట దేనితో ఎత్తుతున్నారో చూసొచ్చి సంతకం పెడతాడు.