ఇరవై మేకలు.. షెడ్డు ఎంత?

మేకల ఫారం అనగానే చాలామంది మొదట గీసేది షెడ్డు బొమ్మ. తర్వాత ఏ జాతి అని వెతుకుతారు. మేత సంగతి చివర్లో గుర్తొస్తుంది. నంద్యాల జిల్లా డోన్ చుట్టుపక్కల లాంటి మెట్ట నేలల్లో ఈ వరసను తిరగేసుకోవాలి. ఇక్కడ ఎంత మేత దొరుకుతుందో చూసి జాతిని ఎంచుకోవాలి. ఆ జాతి ఎలా బతుకుతుందో చూసి షెడ్డు వేసుకోవాలి. ఇరవై ఆడమేకలు, ఒక విత్తనపు పోతుతో మొదలుపెట్టేవారికి ఈ లెక్క ఎలా ఉంటుందో చూద్దాం.

ముందు మేత

ముప్పై కిలోల మేక రోజుకు దాదాపు కిలో ఎండు మేతకు సమానమైన ఆహారం తింటుంది. వానలు పడ్డాక బీళ్లలో, కొండ వాలుల్లో తుమ్మ, రేగు, కంప చెట్ల ఆకు దొరుకుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకానే ఇబ్బంది. ఆ నాలుగు నెలలూ సగం మేత బయట దొరికినా, మిగతా సగం మనమే పెట్టాలి. ఇరవై తల్లులకు ఇది 1,200 కిలోలు. వాటి పిల్లలను కూడా కలిపితే రెండు టన్నుల దాకా వెళ్తుంది. కోతలప్పుడు వేరుశనగ కట్టె, కంది పొట్టు, శనగ పొట్టు కొని పెట్టుకుంటే ఈ లోటు తీరుతుంది. వాటిని తడవకుండా దాచాలి. బూజు పట్టిన వేరుశనగ కట్టె తింటే మేకలు జబ్బుపడతాయి. వాసన తేడాగా ఉంటే పెట్టకండి.

జాతి: సైజు చూసి మోసపోవద్దు

వీడియోల్లో జమునాపారి, బోయర్ పోతులు దూడల్లా కనిపిస్తాయి. వాటి ధర ఎక్కువగా విత్తనం కోసం కొనేవాళ్లు ఇచ్చేది. మాంసం వ్యాపారి మాత్రం కిలో లెక్కనే చూస్తాడు, జాతి పేరుకు అదనంగా ఇవ్వడు. ఒళ్లు పెద్దదైతే మేతా ఎక్కువే కావాలి. నలభై ఐదు కిలోల తల్లి రోజుకు కిలోన్నర తింటుంది. మాంసం కోసం పెంచేటప్పుడు చూడాల్సింది తల్లి సైజు కాదు. ఒక్కో తల్లి నుంచి ఏడాదికి ఎన్ని పిల్లలు బతికి అమ్మకానికి వచ్చాయన్నదే అసలు కొలత.

ఆ కొలతతో చూస్తే, ఇక్కడి ఎండకు, కంప మేతకు అలవాటుపడిన స్థానిక నల్లమేకలే తల్లులుగా నయం. పోతు మాత్రం ఉస్మానాబాదీ తెచ్చుకోవచ్చు. మహారాష్ట్ర మెట్ట ప్రాంతానికి చెందిన ఈ జాతి కూడా ఎక్కువగా నలుపే. కవల పిల్లలకు పేరున్న జాతి, కరవు నేలను తట్టుకుంటుంది. పిల్లల్లో కొంత ఎదుగుదల కలుస్తుంది, తల్లుల ఓర్పు పోదు. ఆ పోతుకు పుట్టిన ఆడపిల్లలు ఏడాది లోపే ఎదకు వస్తాయి. అంతకుముందే పోతును మార్చాలి. లేకపోతే తండ్రే కూతుళ్లను దాటి, తర్వాతి ఈతల్లో పిల్లలు బక్కగా పుడతాయి.

కొనేటప్పుడు నోరు తెరిచి చూడండి. రెండు పెద్ద పళ్లు వచ్చాయంటే ఏడాది దాటింది, నాలుగు వచ్చాయంటే రెండేళ్ల దగ్గర. ఈ మధ్య వయసువే తీసుకోండి. సంతలో రకరకాల మందలు కలుస్తాయి కాబట్టి, ఊళ్లలో పెంపకందారుల ఇంటికే వెళ్లి కొనడం మేలు. తెచ్చాక మూడు వారాలు వేరుగా ఉంచి పీపీఆర్ టీకా వేయించాలి. జ్వరం, ముక్కు నుంచి చీమిడి, నోట్లో పుండ్లు, ఆ తర్వాత పారుడు కనిపిస్తే అది పీపీఆర్ కావచ్చు. వెంటనే పశువైద్యుణ్ని పిలవాలి. వానలకు ముందు చిటుక రోగం టీకా మరిచిపోవద్దు.

షెడ్డు: కొన్న రోజు లెక్క సరిపోదు

ఒక ఆడమేకకు 12 చదరపు అడుగులు చాలు. ఇరవైకి 240, పోతుకు విడిగా 30. ఇంతటితో షెడ్డు కట్టేస్తే ఏడాదిన్నరలో ఇరుక్కుపోతారు. ఎలాగో చూడండి.

జూన్‌లో కొన్నారు. జులైలో పోతు కట్టింది. చూడి కాలం ఐదు నెలలు కాబట్టి డిసెంబరులో ఈనతాయి. ఇరవైలో పదిహేడు ఈని, సగటున 1.4 పిల్లలు వేస్తే 24 పిల్లలు. నాలుగు పోయినా ఇరవై మిగులుతాయి. బాగా మేపితే ఎనిమిది నెలలకు, అంటే ఆగస్టులో, తల్లులు మళ్లీ ఈనతాయి. అప్పటికి మొదటి ఈత పిల్లలు ఇంకా అమ్మకానికి రాలేదు. అంటే ఇరవై తల్లులు, ఇరవై ఎదిగిన పిల్లలు, ఇరవై పాలు తాగే పిల్లలు ఒకే కప్పు కింద ఉంటాయి. ఎదిగినవాటికి 8 అడుగుల చొప్పున, చిన్నవాటికి 4 అడుగుల చొప్పున వేస్తే మొత్తం 510 చదరపు అడుగులు. కాబట్టి 20 అడుగుల వెడల్పు, 26 అడుగుల పొడవు షెడ్డు కావాలి. దాని పక్కన కంచె వేసిన ఖాళీ దొడ్డి దీనికి రెట్టింపు ఉండాలి.

పొడవు తూర్పు పడమరలుగా ఉంటే మధ్యాహ్నపు ఎండ లోపలికి తక్కువగా వస్తుంది. కప్పు మధ్యలో 12 అడుగులు, అంచున 8 అడుగుల ఎత్తు ఉంటే వేడి గాలి పైనుంచి పోతుంది. రేకు మీద బోద పరిస్తే ఎండాకాలం తేడా తెలుస్తుంది. పక్కల్లో మూడడుగుల దాకా బేతంచెర్ల నాపరాళ్లు నిలబెట్టి, పైన కుక్కలు దూరకుండా జాలీ వేస్తే సరి. నాపరాళ్లను నేలకు మాత్రం పరచొద్దు. మూత్రం ఇంకదు, డెక్కలు జారతాయి.

మరి ఎత్తైన చెక్కల నేల? రోజంతా షెడ్డులోనే కట్టి మేపేవారికి, వాన ఎక్కువ పడే చోట అది అవసరమే. పగలు బయట మేసే మందకు డోన్ వాతావరణంలో అడుగున్నర ఎత్తు లేపి, వాలుగా దిమ్మిస కొట్టిన గరుసు నేల చాలు. పిల్లల గదికి మాత్రం చెక్కల నేల వేయండి, సందు సెంటీమీటరు దాటకూడదు. నెల నుంచి మూడు నెలల పిల్లలకు తడి పెంట మీద పడుకుంటే కాక్సీడియా పట్టి పారుడు వస్తుంది. ఒక్కోసారి రక్తం కూడా పడుతుంది. మొదటి ఈతలో నష్టం ఎక్కువగా ఇక్కడే. షెడ్డు బాగుందో లేదో తెలియాలంటే తెల్లవారుజామున లోపల మేక ముక్కు ఎత్తుకు వంగి చూడండి. కళ్లు మండితే గాలి ఆడట్లేదని, నేల తడిగా ఉందని అర్థం. ఆ గాలి పీల్చిన పిల్లలకు దగ్గు, తర్వాత న్యుమోనియా.

డబ్బు లెక్క

కింది ధరలు లెక్క కోసం వేసుకున్నవి, మీ ఊరి ధరలు పెట్టుకోండి. మొదటి ఈతలో పది పోతులు పది నెలలకు 20 కిలోల చొప్పున తూగి, కిలో రూ.400కు పోతే చేతికి వచ్చేది రూ.80 వేలు. ఆడపిల్లలను మందలో ఉంచేస్తాం. ఈ డబ్బు వచ్చేది కొన్న పదహారు నెలలకు. అడుగుకు రూ.250తో షెడ్డు వేస్తే రూ.1.3 లక్షలు. అదే ఇనుప ఫ్రేము, ప్లాస్టిక్ నేలతో అడుగు రూ.700 అయితే రూ.3.64 లక్షలు. రెండో దానికి అప్పు తెస్తే, 12 శాతం వడ్డీయే ఏడాదికి దాదాపు రూ.44 వేలు. మొదటి అమ్మకం కంటే ముందే కట్టాల్సిన వడ్డీలు అందులో సగానికి పైగా తినేస్తాయి. పదహారు నెలల ఇంటి ఖర్చు, మేత, టీకాలకు డబ్బు విడిగా లేకపోతే చూడి మేకలనే అమ్ముకోవాల్సి వస్తుంది.

సబ్సిడీ సంగతి కూడా ముందే తెలుసుకోండి. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ ప్రకారం 50 శాతం సబ్సిడీ 100 ఆడ, 5 మగ జీవాల యూనిట్ నుంచి మొదలవుతుంది. ఆ యూనిట్‌కు గరిష్ఠంగా రూ.10 లక్షలు. ఇరవై మేకలకు అది వర్తించదు. అందుకే ఈ చిన్న మందలో ప్రతి మేకకూ చెవి నంబరు వేసి ఈనిన తేదీ, పిల్లల సంఖ్య, చనిపోతే కారణం రాసి పెట్టుకోండి. రెండేళ్లయ్యాక, పుట్టిన వందలో ఎనభై ఐదు పిల్లలైనా బతుకుతున్నాయో లేదో ఆ పుస్తకమే చెబుతుంది. వంద మేకలకు దరఖాస్తు పెట్టాలా వద్దా అన్నది అప్పుడు నిర్ణయించుకోవచ్చు.