మసకబారిన బిల్లుకు అకౌంటెంట్ రాసే ఉత్తరం

జీఎస్టీ రిటర్ను వేసే ముందు అకౌంటెంట్ కొనుగోలు బిల్లులను పోర్టల్‌లోని జీఎస్‌టీఆర్-2బితో సరిచూస్తారు. అంకెలు కనపడని బిల్లులుంటే వ్యాపారికి ఉత్తరం రాస్తారు. "స్కాన్లు సరిగా లేవు, మళ్లీ పంపండి" అని ఊరుకుంటే మళ్లీ అవే వస్తాయి. ఏ బిల్లులో ఏ గడి చదవరాలేదో చెప్పాలి.

వరంగల్‌లోని ఒక హార్డ్‌వేర్ షాపు యజమానికి రాసే ఉత్తరం ఇలా ఉండవచ్చు: "పెయింట్ల బిల్లు: అమ్మిన వారి జీఎస్టీ నంబరులో రెండో అంకె 6 లేదా 7, తేల్చలేకపోయాం. పైపుల బిల్లు: మొత్తం రూ.9,440 కనిపిస్తోంది, పన్నుకు ముందు విలువ మడతలో పోయింది."

మొదటిది చిన్న విషయం కాదు. 36 తెలంగాణ, 37 ఆంధ్రప్రదేశ్. సరుకు విజయవాడ నుంచి వరంగల్ వస్తే సాధారణంగా ఐజీఎస్టీ పడుతుంది, తెలంగాణలోనే కొంటే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. రెండో బిల్లంతా 18 శాతమే అయితే విలువ రూ.8,000, పన్ను రూ.1,440 అని వెనక్కి లెక్కగట్టవచ్చు. 5 శాతం సరుకు కూడా కలిస్తే ఆ లెక్క కుదరదు. అయినా లెక్కగట్టిన అంకె బిల్లుకు సాక్ష్యం కాదు, అందుకే అసలు కాపీ అడగాల్సిందే.

ఎలా పంపాలో కూడా ఉత్తరంలోనే రాయాలి: మడత విప్పి, పగటి వెలుతురులో, నాలుగు మూలలూ పడేలా తీయాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాలి. థర్మల్ కాగితం తెల్లబారిపోతే అమ్మిన వారి దగ్గర నకలు తీసుకోవాలి.