చదును పాదాలకు ఏ బూట్లు?

మా పిన్ని రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడుస్తుంది. ఆవిడవి చదును పాదాలు. తడికాళ్లతో గచ్చు మీద నడిస్తే, పాదం లోపలి పక్క ఖాళీగా ఉండాల్సిన చోట కూడా నిండుగా అచ్చు పడుతుంది. నిరుడు దూదిలా ఉన్నాయని రన్నింగ్ షూస్ కొనుక్కుంది. మూడు నెలలకు చీలమండ లోపలి వైపు నొప్పి మొదలైంది. "నడిచేదాన్ని, వాకింగ్ షూస్ కొనుక్కోవాల్సిందేమోరా" అంది.

ఆ బూట్లను బల్ల మీద పెట్టి వెనక నుంచి చూశాం. రెండూ లోపలి వైపుకు ఒరిగి ఉన్నాయి. సంగతంతా అక్కడే ఉంది. పాదంలో వంపు లేనివాళ్లలో చాలామందికి అడుగు వేసినప్పుడు బరువు లోపలికి వాలుతుంది. ఆ వాలును ఆపడానికి పిక్క నుంచి చీలమండ వెనకగా పాదంలోకి దిగే స్నాయువు ఒకటి శ్రమపడుతుంది. కింద మెత్తటి ఫోమ్ ఉంటే అదీ లోపలి వైపే అణిగి, ఆ స్నాయువు మీద భారం పెంచుతుంది.

పరుగులో ఒక్కో అడుగుకు ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బ తగులుతుంది, అందుకే రన్నింగ్ షూస్‌లో అంత మెత్తదనం. నడకలో పడేది మన బరువుకు కాస్త ఎక్కువ, అంతే. అలాగని వాకింగ్ షూస్ అని రాసినవన్నీ మంచివి కావు. వాటిలోనూ చేత్తో చుట్ట చుట్టగలిగేంత మెత్తనివి ఉన్నాయి. మరోపక్క రన్నింగ్ షూస్‌లోనే 'స్టెబిలిటీ' రకం ఉంది. వాటిలో చాలావాటికి లోపలి అంచున గట్టి ఫోమ్ వేస్తారు. చదును పాదాలతో నడిచేవారికి అవి బాగా నప్పుతాయి. నన్నడిగితే పేరు చూడటం మానేసి, బూటును చేతిలోకి తీసుకోవాలి.

మడమ వెనక భాగాన్ని రెండు వేళ్లతో నొక్కండి, లోపలికి పోకూడదు. రెండు కొసలూ పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పండి, సులువుగా తిరగకూడదు. ముందుకొసను పైకి వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, నడుమ మడత పడితే వద్దు. సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బుతాయి, సైజు చూసుకోవడానికి అదే మంచి సమయం.

నొప్పేమీ లేకపోతే పాదాలు చదునుగా ఉన్నంత మాత్రాన ప్రత్యేకమైన బూట్లు అక్కర్లేదు. మునివేళ్ల మీద నిలబడినా వంపు రాకపోయినా, నొప్పి ఉన్న కాలి మీదే నిలబడి మడమ ఎత్తలేకపోయినా బూట్ల దుకాణం కన్నా ముందు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పిన్ని ఎత్తగలిగింది.

స్టెబిలిటీ రకమే కొన్నాం. నెల తిరిగేసరికి నొప్పి తగ్గింది. రోజుకు ఐదు చొప్పున నెలకు నూట యాభై కిలోమీటర్లు. ఫోమ్ సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల వరకు ఆగుతుంది. అందుకని కొన్న తేదీని బూటు నాలుక వెనక పెన్నుతో రాసిపెట్టాం.