సర్వర్ మీద కర్చీఫ్ వేయకండి

ఏటా మే నెల రాగానే ఇంజినీరింగ్ కాలేజీల నుంచి పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం ల్యాబుల్లోకి, కంపెనీల్లోకి దిగుతారు. ఐడీ కార్డు చేతికొచ్చి, వైఫై కలిశాక వాళ్లకొక మెయిల్ అందుతుంది. అందులో ఉమ్మడి సర్వర్‌లోకి ఎలా లాగిన్ కావాలో ఉంటుంది, లాగిన్ అయ్యాక ఎలా మెలగాలో ఉంటుంది. పిల్లలు మొదటి సగం చదివి రెండో సగం వదిలేస్తారు. ఆ మెయిల్ రాసే పని కొన్నేళ్లుగా నాది కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. ‘ఎక్కువ వాడొద్దు, అడిగి వాడండి, పనైపోతే ఖాళీ చేయండి’ అని రాస్తే అదేదో హాస్టల్ వార్డెన్ నోటీసులా కనిపిస్తుంది. నిజానికి అందులోని ఒక్కో నియమం వెనక ఆ యంత్రం పనిచేసే తీరు ఉంది. అది తెలియకపోతే ఎంత మర్యాదస్తుడైనా పక్కవాడి మూడు రోజుల పనిని చెడగొట్టగలడు, చెడగొట్టిన సంగతి తనకే తెలియకుండా.

ఒక మోస్తరు ల్యాబులో ఉండే సర్వర్‌ను తీసుకుందాం. 48 కోర్లు, 256 జీబీ మెమరీ, ఒక్కోటి 24 జీబీ మెమరీ ఉన్న నాలుగు గ్రాఫిక్స్ కార్డులు. దానికి మానిటర్ ఉండదు, కీబోర్డు ఉండదు. ఏసీ గదిలో హోరుమంటూ ఉంటుంది. పది పదిహేను మంది తమ ల్యాప్‌టాప్‌ల నుంచి నెట్‌వర్క్ ద్వారా ఒకేసారి దానిలోకి వెళ్లి పనిచేస్తుంటారు. ఇంటర్న్ తన స్క్రీన్ మీద చూసేది నల్లటి కిటికీ ఒక్కటే. మిగతా పద్నాలుగు మంది అక్కడున్నట్టు ఏ ఆనవాలూ ఉండదు. అందుకే అది తన సొంత ల్యాప్‌టాప్ లాగానే అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

కోర్ల సంగతి అంత ప్రమాదం కాదు. పనులు ఎక్కువై కోర్లు చాలకపోతే, లైనక్స్ వాటి సమయాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి వంతులవారీగా పంచుతుంది. అందరి పనీ నెమ్మదిస్తుంది తప్ప ఎవరి పనీ ఆగిపోదు. తొందర లేని పనిని `nice -n 19` అని ముందు చేర్చి నడిపితే, తొందరున్నవాళ్లకు సర్వర్ ముందు చోటిస్తుంది. మెయిల్‌లో ఇది ఒక్క వాక్యం.

మెమరీ అలా కాదు. దాన్ని వంతులవారీగా పంచడం కుదరదు. ఒకరి దగ్గరున్న జీబీ వాళ్లు వదిలేదాకా ఇంకొకరికి రాదు. పైగా లైనక్స్‌కు ఒక అలవాటుంది. ప్రోగ్రాములు మెమరీ అడిగినప్పుడు ఉన్నదానికంటే ఎక్కువే ఇస్తానని ఒప్పుకుంటుంది. అడిగినదంతా అందరూ ఒకేసారి వాడరన్న నమ్మకం దానిది. మామూలు రోజుల్లో ఆ నమ్మకం నిలుస్తుంది కూడా. నిలవని రోజున, అంటే అందరూ నిజంగానే వాడేసి ఖాళీ చోటు అయిపోయిన రోజున, కెర్నల్ ఏదో ఒక ప్రోగ్రాంను చంపి చోటు చేసుకుంటుంది. ఈ పని చేసే భాగాన్ని మావాళ్లు ‘ఓఓఎం కిల్లర్’ అంటారు. అది దేన్ని చంపుతుందన్నదే అసలు ప్రశ్న.

లెక్క వేసి చూద్దాం. ఒక అమ్మాయి 70 జీబీ మెమరీ పట్టే ప్రోగ్రాంను మూడు రోజులుగా నడుపుతోంది. ముందే అందరికీ చెప్పి మొదలుపెట్టింది. ఇంకో రోజులో ఫలితం వస్తుంది. ఇంతలో కొత్త ఇంటర్న్ ఒకతను ఒక డేటా ఫైలును శుభ్రం చేసే ప్రోగ్రాం తెచ్చాడు. తన ల్యాప్‌టాప్‌లో చిన్న నమూనా ఫైలు మీద నడిపి చూసుకున్నాడు, బాగానే నడిచింది. అందులో ఈ వరుస ఉంది:

```
Parallel(n_jobs=-1)(delayed(clean)(k) for k in keys)
```

ఇక్కడ `-1` అంటే ‘ఎన్ని కోర్లుంటే అన్నీ’ అని అర్థం. నాలుగు కోర్ల ల్యాప్‌టాప్‌లో అది నలుగురు పనివాళ్లను పెట్టింది. సర్వర్‌లో 48 మందిని పెడుతుంది. ఒక్కొక్కరూ ఆ ఫైలును విడివిడిగా తెరుస్తారు. డిస్కు మీద ఒక జీబీ ఉన్న ఫైలు, అందులో అక్షరాలు ఎక్కువుంటే, పాండాస్‌లోకి ఎక్కేసరికి నాలుగు జీబీ కావడం వింతేమీ కాదు. 48 మందికి నాలుగేసి చొప్పున 192 జీబీ. ఆ అమ్మాయి 70 కలిపితే 262. సర్వర్‌లో ఉన్నది 256.

ఇప్పుడు చోటు చాలదు. స్వాప్ ఉంటే మెమరీలోని సరుకు కొంత డిస్కు మీదికి పొర్లుతుంది. డిస్కు నిదానం కాబట్టి సర్వర్ మొత్తం ఈడ్చుకుంటూ నడుస్తుంది. టైపు చేసిన అక్షరం తెర మీదికి రావడానికి కూడా ఆలస్యమవుతుంది. ఈ లక్షణం కనబడగానే అనుభవమున్నవాళ్లు ‘ఎవరో మెమరీ నింపేశారు’ అని లేచి కూర్చుంటారు. స్వాప్ కూడా నిండితే ఓఓఎం కిల్లర్ దిగుతుంది. అది మనుషుల్ని లెక్కపెట్టదు, ప్రాసెస్‌లను లెక్కపెడుతుంది. ఎవరి ఖాతాలో మొత్తం ఎంత పోయిందో దానికి పట్టదు. విడివిడిగా ఏ ప్రాసెస్ ఎంత పట్టుకుని ఉందో చూసి, అన్నిటికంటే పెద్దదాన్ని వేటాడుతుంది. ఇంటర్న్ ప్రాసెస్‌లు 48, ఒక్కోటీ నాలుగు జీబీ. ఆ అమ్మాయిది ఒక్కటే, 70 జీబీ. పోయేది అమ్మాయి ప్రోగ్రాం. దాంతో 70 జీబీ ఖాళీ అవుతుంది, అబ్బాయి పని హాయిగా పూర్తవుతుంది. సర్వర్ చాలా వేగంగా ఉందని అతను మెచ్చుకుంటాడు కూడా.

మర్నాడు ఆ అమ్మాయి చూసేసరికి తెర మీద `Killed` అన్న ఒక్క మాట ఉంటుంది. ఎందుకో, ఎవరివల్లో ఏమీ ఉండదు. సర్వర్ చూసుకునేవాళ్లు `dmesg` అని కొడితే ఈ వరుస దొరుకుతుంది:

```
Out of memory: Killed process 48213 (python)
```

చచ్చిన ప్రాసెస్ నంబరు ఇందులో ఉంది. ఆ సమయంలో ఏ ప్రాసెస్ ఎంత మెమరీ పట్టుకుని ఉందో పట్టిక ఒకటి దానికి కాస్త పైన ఉంటుంది. ఒకే పేరుతో 48 వరుసలు కనిపిస్తే కథంతా అర్థమైపోతుంది.

కాబట్టి మెయిల్‌లో అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇది: ముందు ఒక్క పనివాడితో నడిపి కొలవండి, తర్వాతే పెంచండి. కొలవడం కష్టమేమీ కాదు. `/usr/bin/time -v python clean.py` అని నడిపితే, పని అయ్యాక వచ్చే జాబితాలో Maximum resident set size అన్న వరుసలో గరిష్ఠంగా ఎంత మెమరీ పట్టిందో కిలోబైట్లలో ఉంటుంది. తర్వాత `free -h` కొట్టి ఎంత చోటుందో చూడాలి. ఇక్కడ కొత్తవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. free అన్న గడిలో చిన్న అంకె చూసి హడలిపోతారు. చూడాల్సింది available అన్న గడి. లైనక్స్ ఖాళీ మెమరీని ఊరికే ఉంచకుండా ఫైళ్లను దాచుకోవడానికి వాడుకుంటుంది, అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. ఆ వదలగలిగిన చోటు కూడా కలిపిన లెక్కే available. అది 180 జీబీ అనుకుంటే, అందులో సగానికి మించి ముట్టుకోకండి అని రాస్తాను. 90ని నాలుగుతో భాగిస్తే 22. కాస్త తగ్గించి `n_jobs=20` పెట్టుకుంటే అమ్మాయి పనీ సాగుతుంది, అబ్బాయి పనీ సాగుతుంది. సగం అన్న గీత నేను గీసిందే, యంత్రం చెప్పింది కాదు. మిగతా సగం అవసరమయ్యేది ఎవరికో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి ఆ మాత్రం జాగ్రత్త.

గ్రాఫిక్స్ కార్డుల దగ్గర జరిగేది వేరే రకం అన్యాయం. అక్కడ మొదట వచ్చి పట్టుకున్నవాడికేమీ కాదు, తర్వాత వచ్చినవాడికి ‘CUDA out of memory’ అని ఎదురవుతుంది. మన బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టే, పని చేయకుండానే కార్డును ఆపి ఉంచవచ్చు. కావాలని ఎవరూ చేయరు. జూపిటర్ నోట్‌బుక్‌లో మోడల్ ఎక్కించి, సాయంత్రం బ్రౌజర్ ట్యాబ్ మూసేసి, పని ముగిసిందనుకుని ఇంటికి వెళ్తారు. ట్యాబ్ మూసినా దాని వెనక సర్వర్‌లో నడిచే కెర్నల్ బతికే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం మూసిన ట్యాబ్ సోమవారం దాకా కార్డును పట్టుకునే ఉంటుంది. `nvidia-smi` కొడితే ఆ కార్డు వరుస ఇలా కనిపిస్తుంది:

```
| 30%  34C  P8  22W / 350W | 21480MiB / 24576MiB |   0%  Default |
```

24 జీబీలో 21 జీబీ నిండి ఉంది, చేస్తున్న పని మాత్రం సున్నా శాతం. కార్డు చల్లగా 34 డిగ్రీల దగ్గరుంది, తింటున్న కరెంటు 22 వాట్లు. ఈ మూడూ కలిసి కనబడితే అది కర్చీఫే. ఒక్క క్షణం చూసి తీర్పు చెప్పకూడదు, డేటా చదువుకునేటప్పుడు నడిచే పనికి కూడా సున్నా పడుతుంది. కాసేపు గమనించి, అప్పుడు ఆ ఖాతాదారుడికి ఫోన్ చేయాలి. నోట్‌బుక్‌లో Shut Down Kernel నొక్కితే చాలు, సీటు ఖాళీ అవుతుంది.

టెన్సర్‌ఫ్లో వాడేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఏమీ చెప్పకపోతే అది కనబడిన కార్డులన్నిటి మెమరీనీ దాదాపు పూర్తిగా పట్టేసుకుంటుంది, అవసరం ఎంతైనా సరే. అందుకని ఏది నడిపినా ముందు కార్డు నంబరు రాయమంటాం:

```
CUDA_VISIBLE_DEVICES=2 python train.py
```

అప్పుడు ఆ ప్రోగ్రాంకు నంబరు 2 కార్డు తప్ప మిగతా మూడూ ఉన్నట్టే తెలియదు.

డిస్కు గురించి మెయిల్‌లో ఉండేది నాలుగు మాటలే. రెండు జీబీల మోడల్‌ను ప్రతి విడతకూ దాచుకుంటూ వంద విడతలు నడిపితే 200 జీబీ అవుతుంది. డిస్కు నిండిన క్షణాన అప్పుడే తమ ఫలితాన్ని దాచుకోబోతున్న వేరేవాళ్ల ప్రోగ్రాం ‘No space left on device’ అని పడిపోతుంది. మంచి విడతలు రెండు మూడు ఉంచుకుని మిగతావి తీసేస్తే సరి.

ఇంత మెయిల్ రాసే బదులు ఎవరికెంతో ముందే హద్దు పెట్టేస్తే పోదా అని అడగొచ్చు. పెద్దచోట్ల చేసేది అదే. ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న పరమ్ సేవ లాంటి సూపర్‌కంప్యూటర్లలో లాగిన్ అయిన చోటే పని నడపడం పద్ధతి కాదు. ఎన్ని కోర్లు, ఎంత మెమరీ, ఎన్ని గంటలు కావాలో రాసి వరుసలో పెట్టాలి. వంతు వచ్చినప్పుడు షెడ్యూలర్ చోటు చూపిస్తుంది. మెమరీ హద్దును సరిగా బిగించిన చోట, అడిగినదానికంటే ఎక్కువ వాడితే చచ్చేది వాడినవాడి పనే, పక్కవాడిది కాదు. చిన్న సర్వర్‌లో కూడా ఖాతాకింత అని బిగించవచ్చు. కానీ పదిహేను మందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి 17 జీబీ. అప్పుడు 70 జీబీ పని ఏ అర్ధరాత్రీ, సర్వర్ మొత్తం ఖాళీగా ఉన్నా, నడవదు. నా అభిప్రాయంలో ఒక్కొక్కరికీ సగం మెమరీ దగ్గర గట్టి హద్దు పెట్టి, మిగతాది మాటామంతీకి వదిలేయడం మేలు. పై ఉదాహరణలో ఆ హద్దు ఉండి ఉంటే 128 జీబీ దగ్గరే ఇంటర్న్ పని తెగేది, అమ్మాయి పని మిగిలేది.

మీ ఇంట్లో పిల్లలెవరైనా ఈ వేసవిలో ఇలాంటి సర్వర్ మీద మొదటిసారి కూర్చోబోతుంటే, ఏదైనా నడిపేముందు తమ ప్రోగ్రాంలో `n_jobs=-1` ఎక్కడైనా ఉందేమో వెతుక్కోమని చెప్పండి.