చొక్కా రంగు ఫోన్‌లో మార్చడం: ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ ఆగాలి

సూర్యాపేటలో ఒక కాంటాక్ట్ క్లాసు ముగిశాక ఒక విద్యార్థి తన ఫోన్‌లో రెండు ఫొటోలు చూపించాడు. వాళ్ల కుటుంబానికి కోదాడలో చిన్న రెడీమేడ్ దుకాణం ఉంది. మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ గట్టు మీద తమ్ముణ్ణి నిలబెట్టి, లేత నీలం చొక్కాతో ఒక ఫొటో తీశాడు. అదే చొక్కా దుకాణంలో ఆకుపచ్చలోనూ ఉంది కానీ, మళ్లీ అంత దూరం వెళ్లి తీయడం ఎందుకని ఫోన్‌లోనే రంగు మార్చాడు. "సార్, ఇది వాట్సాప్‌లో పెట్టొచ్చా?" అని అడిగాడు.

దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. దగ్గరగా చూస్తే కుడి భుజం మీద చొక్కా దీపంలా వెలుగుతోంది. తెల్లగా ఉండాల్సిన గుండీలు ఆకుపచ్చగా మారాయి. కాలరు అంచున సన్నటి నీలం గీత మిగిలింది. ఈ మూడు లోపాలకూ కారణాలు వేరు. మొదటిదాన్ని ఫోన్‌లో సరిదిద్దలేం, మిగతా రెండింటినీ సరిదిద్దవచ్చు. ఈ భాగంలో ఆ ఫొటోనే ఉదాహరణగా తీసుకుని పని మొత్తం చేసి చూద్దాం. ఉచితంగా దొరికే స్నాప్‌సీడ్ ఆప్ దీనికి సరిపోతుంది. ఫోన్‌ను బట్టి, వెర్షన్‌ను బట్టి బటన్ల స్థానం కొంచెం మారవచ్చు.

రంగు, వెలుగు కలిసే ఉంటాయి

ఫొటోలోని ప్రతి చుక్కకూ మూడు సంఖ్యలు ఉంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉంటుంది. మన లేత నీలం చొక్కా మీద ఎండ పడిన చోట ఆ విలువలు 120, 160, 210 అనుకుందాం. మడత లోపల వెలుగు తక్కువ కాబట్టి అక్కడ సుమారు 60, 80, 105 ఉంటాయి. సంఖ్యలు సగమయ్యాయి కానీ వాటి మధ్య నిష్పత్తి మారలేదు. గుడ్డ రంగు ఆ నిష్పత్తిలో ఉంది, వెలుగు నీడలు ఆ సంఖ్యల హెచ్చుతగ్గుల్లో ఉన్నాయి. నిష్పత్తిని మార్చి, హెచ్చుతగ్గులను అలాగే ఉంచగలిగితే చొక్కాకు నిజంగా అద్దకం వేసినట్టు ఉంటుంది. చాలామంది చొక్కా మీద రంగు పూత పూస్తారు. అప్పుడు మడతలు మాయమై, చొక్కా కాగితం కత్తిరించి అతికించినట్టు కనిపిస్తుంది.

Selective ఎంతవరకు పనికొస్తుంది

రంగు కుటుంబం మారనవసరం లేకపోతే, అంటే లేత నీలాన్ని ముదురు నీలం చేయాలంటే, Selective ఒక్కటే చాలు. ఆ పనిముట్టు తెరిచి చొక్కా ఛాతీ భాగం మీద తాకితే ఒక బిందువు ఏర్పడుతుంది. రెండు వేళ్లతో దగ్గరికీ దూరానికీ జరిపితే దాని పరిధి మారుతుంది. అలా జరిపేటప్పుడు ప్రభావం పడే ప్రాంతం ఎర్రగా కనిపిస్తుంది. వేలిని పైకి, కిందికి జరిపి Brightness, Saturation వంటి వాటిలో ఒకటి ఎంచుకోవాలి. పక్కలకు జరిపితే దాని విలువ మారుతుంది. Brightness −40, Saturation +30 దగ్గర మొదలుపెట్టి కంటికి నచ్చేదాకా సవరించుకోవచ్చు.

ఈ బిందువు వృత్తంలో ఉన్నదాన్నంతా మార్చదు. తాను నిలిచిన చోటి రంగును పోలిన చుక్కలనే ఎక్కువగా మారుస్తుంది. అదే దాని బలం, బలహీనత కూడా. మన ఫొటోలో చొక్కా వెనక ఆకాశం కూడా నీలమే కాబట్టి అదీ ముదురుతుంది. అలాంటప్పుడు ఆకాశం మీద మరో బిందువు పెట్టి, దాని విలువలు సున్నా దగ్గరే వదిలేయండి. అది అక్కడి రంగును కాపలా కాస్తుంది. తెల్ల గోడ ముందు తెల్ల చొక్కా, చర్మపు ఛాయకు దగ్గరగా ఉన్న గోధుమరంగు చొక్కా ఉంటే ఈ కాపలా కూడా అంతగా పనిచేయదు.

ఇంకొక పరిమితి ఉంది. Selectiveలో నీలాన్ని ఆకుపచ్చగా మార్చే మీట లేదు. దానికి Curves కావాలి.

Curvesతో అద్దకం

అసలు ఫొటోతోనే మొదలుపెట్టండి. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి వద్దు, దాన్ని అప్పటికే కుదించి ఉంటారు. Curves తెరిచి Red ఎంచుకుంటే ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు ఒక గీత కనిపిస్తుంది. గీత మధ్యలో పట్టుకుని వంచకండి. కుడి చివరి బిందువును నిటారుగా సగం ఎత్తుకు దించండి. గీత వంగకుండా తిన్నగానే ఉంటుంది కాబట్టి ప్రతి ఎరుపు విలువా సగమవుతుంది. తర్వాత Blue ఎంచుకుని అదే చేయండి. Greenను తాకకండి.

ఇప్పుడు మన సంఖ్యలు చూడండి. ఎండ పడిన చోట 120, 160, 210 కాస్తా సుమారు 60, 160, 105 అవుతుంది. మడతలో 60, 80, 105 ఉన్నది 30, 80, 53 అవుతుంది. రెండు చోట్లా ఒకే ఆకుపచ్చ ఏర్పడింది, మడత మడతగానే ఉంది. గీతను మధ్యలో వంచి ఉంటే వెలుగులో ఒక రంగు, నీడలో ఇంకో రంగు వచ్చేవి.

ఈ దశలో ఫొటో అంతా, తమ్ముడి ముఖంతో సహా, పచ్చబడుతుంది. కంగారు పడకుండా ✓ నొక్కండి. తర్వాత పొరల గుర్తు నొక్కి View edits లోకి వెళ్లండి. అక్కడ చేసిన మార్పుల వరుసలో Curves మీద తాకితే బ్రష్ గుర్తు వస్తుంది. దాన్ని తెరిస్తే ఫొటో మళ్లీ పాత రంగుల్లో కనిపిస్తుంది. బ్రష్ విలువ 100 పెట్టి చొక్కా మీద వేలితో పూయండి. పూసిన మేరకే ఆకుపచ్చ వస్తుంది. కంటి గుర్తు నొక్కితే పూసిన చోటు ఎర్రగా కనిపిస్తుంది, వదిలేసిన చోట్లు అప్పుడే బయటపడతాయి.

ఓపిక కావలసింది ఇక్కడే. ఫొటోను పెద్దది చేసినకొద్దీ బ్రష్ సన్నబడుతుంది. కాలరు, చేతి అంచులు, జేబు పైభాగం పెద్దవి చేసి పూస్తే ఆ నీలం గీత పోతుంది. గుండీల మీద విలువను 0కి మార్చి ఒక్కసారి తాకితే తెల్లదనం తిరిగి వస్తుంది. అంచు మరీ కత్తిరించినట్టు ఉంటే అక్కడ 50తో ఒకసారి పూయండి. మన విద్యార్థి అంతకుముందు ఇదంతా రెండు నిమిషాల్లో ముగించాడట. రెండోసారి ఇరవై నిమిషాలు పట్టింది.

భుజం ఎందుకు బాగుపడలేదు

గుండీలు, కాలరు సరిగా వచ్చాయి. భుజం మాత్రం రాలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండకు అక్కడ మూడు సంఖ్యలూ 255కి చేరాయి. అంటే ఆ చోట గుడ్డ రంగు గురించి ఫొటోలో సమాచారమే లేదు. మన Curves దాన్ని 128, 255, 128 చేసింది. అదే ఆ దీపం. బ్రష్ విలువ తగ్గిస్తే తెల్ల మచ్చ వస్తుంది, పెంచితే పచ్చటి మెరుపు వస్తుంది. ఈ రెండింటి మధ్య సరైన విలువంటూ లేదు. ఉదయం పూట గానీ నీడలో గానీ నిలబెట్టి, కెమెరాలో చొక్కా మీద తాకి వెలుగు కాస్త తగ్గించి మళ్లీ తీయడమే మార్గం.

నల్ల చొక్కాలో ఇదే చిక్కు తలకిందులుగా ఎదురవుతుంది. దాని విలువలు 5 నుంచి 25 వరకు ఓ ఇరవై మెట్లలోనే ఇరుక్కుని ఉంటాయి. వాటిని నాలుగు రెట్లు సాగదీస్తే మధ్యలో కొత్త మెట్లు పుట్టవు, గరుకు చుక్కలూ చారలూ కనిపిస్తాయి. పైగా మామూలు జేపెగ్ ఫొటోల్లో వెలుగు వివరాలకంటే రంగు వివరాలను తక్కువ నాణ్యతతో దాచుతారు. రంగును గట్టిగా లాగినప్పుడు అంచుల దగ్గర గళ్లు గళ్లుగా కనిపించేది అందుకే. తెల్ల చొక్కా మాత్రం, ఎండకు కాలిపోకపోతే, ఈ పద్ధతికి బాగా లొంగుతుంది. అద్దకానికి కూడా తెల్ల గుడ్డే కదా మేలు!

ఆ విద్యార్థి మెరూన్ కూడా ప్రయత్నించాడు. నీలం నుంచి మెరూన్ రావాలంటే ఆకుపచ్చ, నీలం విలువలను ఐదో వంతుకు దించాలి. అప్పుడు నేత వివరమంతా మిగిలిన ఎరుపు ఒక్కటే మోయాలి. నీలం చొక్కాలో మొదటి నుంచీ ఎరుపే బలహీనం. చొక్కా చదునుగా, మట్టి పూసినట్టు వచ్చింది. కాలువ పక్కన పొలం ఉంటే మరొకటి గమనించండి: వరి పైరు మీద నుంచి తిరిగొచ్చే వెలుగు చొక్కా కింది భాగానికి పచ్చదనం అంటిస్తుంది. ఆకుపచ్చ చొక్కాలో అది కలిసిపోతుంది, మెరూన్‌లో గోధుమ మరకలా బయటపడుతుంది.

ఇక్కత్ చొక్కాల సంగతి

మన ఉమ్మడి నల్లగొండ ప్రాంతపు పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్ గుడ్డతో కుట్టిన చొక్కాలతో ఈ ప్రయత్నం చేయకపోవడమే మంచిది. ఇక్కత్‌లో నేయకముందే నూలును కట్టి అద్దుతారు. అందుకే డిజైన్ అంచులు గీత గీసినట్టు ఉండవు, ఒక రంగు మరోదానిలోకి పీచుపీచుగా జారుతుంది. ఎక్కడ ఆకుపచ్చ ఆగాలో బ్రష్‌కు చెప్పడానికి అక్కడ అంచే లేదు. గుడ్డ మొత్తానికి Curves వేస్తే డిజైన్‌లోని తెలుపు కూడా రంగు పట్టి, నేతగాడు వేయని గుడ్డ ఒకటి తయారవుతుంది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉన్న పట్టు కూడా ఇంతే. మడత మడతకూ దాని రంగు మారుతుంది, మనం మార్చే నిష్పత్తి ఒక్కటి కాదు.

అమ్మకానికి పెట్టేముందు

మార్చిన ఫొటోను దుకాణంలోని అసలు ఆకుపచ్చ చొక్కా పక్కన, పగటి వెలుగులో పెట్టి చూడాలి. ఫోన్‌లో కళ్లకు హాయి కోసం పసుపు ఛాయ ఇచ్చే సెట్టింగ్ ఉంటే ఆపేయాలి. మన విద్యార్థి చూసినప్పుడు తేడా తెలిసింది. అసలు చొక్కా ముదురు, ఫొటోలోది కాస్త నీలి ఛాయ ఉన్న ఆకుపచ్చ. Blue చివరి బిందువును ఇంకొంచెం, Greenను కొద్దిగా దించాక దగ్గరికి వచ్చింది. చేతిలో అసలు చొక్కా లేకపోతే ఈ పోలిక కుదరదు, అప్పుడు ఆ ఫొటో ఊహ మాత్రమే. ఆన్‌లైన్ అమ్మకాలకు వర్తించే 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు, ప్రకటన సరుకు అసలు లక్షణాలకు సరిపోవాలని అమ్మకందారుకు చెబుతున్నాయి. పాస్‌పోర్టు వంటి గుర్తింపు పత్రాల ఫొటోల్లో చొక్కా రంగు సహా ఏదీ ఇలా మార్చకండి.

చివరికి భుజం మచ్చ కోసం ఆ అన్నదమ్ములిద్దరూ ఆకుపచ్చ చొక్కా పట్టుకుని ఒక ఉదయం మళ్లీ మిర్యాలగూడ కాలువ గట్టుకు వెళ్లారు. ఫోన్‌లో మార్చిన ఫొటోను మాత్రం నాకు పంపమన్నాను, తరగతిలో చూపడానికి.

మీరు చేయండి: ఒకే లేత రంగు చొక్కాను మధ్యాహ్నపు ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి ఫొటో తీయండి. రెండింటికీ Red, Blue గీతల చివరి బిందువులను ఒకే ఎత్తుకు దించండి. ఏ ఫొటోలో ఏ భాగం రంగు పట్టలేదో, అక్కడ మూడు విలువలూ ఏ స్థితిలో ఉండి ఉంటాయో ఐదారు వాక్యాల్లో రాయండి.